చెరువు గట్టు నుంచి డాక్టరుకు ఫోను: మధ్యలో ఉన్న మనిషి ఏం చేయాలి, ఏం చేయకూడదు

గోదావరి డెల్టాలోని కాళ్ల, ఉండి, ఆకివీడు మండలాల్లో రొయ్యల చెరువుల మీద పనిచేసేవారిలో ఒడిశా, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవారు చాలామందే ఉన్నారు. గట్టు మీది షెడ్డులోనే వారి నివాసం. మేత చల్లడం, నీటికి గాలి అందించే ఏరేటర్లు చూసుకోవడం, రాత్రి కాపలా వారి పనులు. జ్వరం వస్తే ముందు మందుల షాపుకు వెళతారు. అక్కడి మాత్రలతో తగ్గకపోతే సూపర్‌వైజర్ తన ఫోను నుంచి పట్నంలో తెలిసిన డాక్టరుకు కాల్ చేస్తాడు. డాక్టరుది తెలుగు, రోగిది ఒడియా. సూపర్‌వైజర్‌కు తెలుగుతో పాటు పని నడవడానికి సరిపడా హిందీ, నాలుగు ఒడియా మాటలు వచ్చు.

ఆ కాల్ సాధారణంగా ఇలా సాగుతుంది. ‘‘డాక్టరు గారూ, మా చెరువు మీద కుర్రాడికి నాలుగు రోజుల నుంచి జ్వరమండీ, ఒళ్లు నొప్పులు. మాత్ర వేస్తే తగ్గుతోంది, మళ్లీ వస్తోంది.’’ దగ్గు ఉందా అని డాక్టరు అడిగితే ‘‘లేదండీ’’ అంటాడు. మూత్రం సరిగా అవుతోందా అంటే ‘‘అవుతోందండీ’’ అంటాడు. రెండు మాత్రల పేర్లు వాట్సాప్‌లో వస్తాయి, ఫోను పెట్టేస్తారు. రోగి ఒక్క మాటా మాట్లాడలేదు. డాక్టరు అడిగిన రెండు ప్రశ్నలూ అతని చెవిన పడనేలేదు. సూపర్‌వైజర్ అబద్ధం చెప్పాలనుకోలేదు, తనకు తోచింది చెప్పాడు. డాక్టరు చేతికి వచ్చింది మాత్రం రోగి సమాచారం కాదు, రోగి గురించి మరొకరి అభిప్రాయం.

రెండు భాషల మధ్య ఫోను వైద్యం అనగానే రెండూ తెలిసిన మనిషి దొరికితే చాలు అనుకుంటాం. అది సరిపోదు. 2012లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం పిల్లల అత్యవసర విభాగాల్లో జరిగిన సంభాషణలను రికార్డు చేసి, రోగికి హాని చేయగల పొరపాట్లను లెక్కించింది. శిక్షణ పొందిన దుబాసీ ఉన్నప్పుడు జరిగిన పొరపాట్లలో 12 శాతం అలాంటివి. బంధువో, పక్కనున్న వారో మాట అందించినప్పుడు 22 శాతం. అసలు దుబాసీయే లేనప్పుడు 20 శాతం. శిక్షణ లేని మధ్యవర్తి ఉండటం వల్ల, ఎవరూ లేనప్పటికంటే పరిస్థితి మెరుగుపడలేదన్నమాట. డెల్టా గ్రామాల్లో ఒడియా తెలిసిన వృత్తి దుబాసీ దొరకడం కష్టం. కాబట్టి దొరికిన మనిషితోనే పని సరిగా జరిగేలా కాల్‌ను అమర్చుకోవాలి. ఆ అమరిక డాక్టరు చేతిలోనే ఉంది.

ఎవరు ఎక్కడ ఉండాలి

అన్నిటికంటే ముందు సూపర్‌వైజర్‌ను దుబాసీ స్థానం నుంచి తప్పించాలి. అతను మంచివాడా కాదా అన్నది ఇక్కడ విషయం కాదు. రొయ్యలు పట్టే పట్టుబడి దగ్గర పడిన రోజుల్లో మనిషి ఆసుపత్రికి వెళితే చెరువు మీద ఎవరుంటారన్నది అతని బెంగ. రోగికి కూడా అది తెలుసు. కూలి పోతుందేమోనన్న భయంతో తనకు ఎంత బాధగా ఉందో సూపర్‌వైజర్ ముందు పూర్తిగా చెప్పడు. మద్యం, గనేరియా వంటి జబ్బులు, ఇంటి సంగతులు అయితే అసలు నోరు విప్పడు.

హిందీ మరో చిక్కు. ఉత్తరాది వైపు నుంచి వచ్చిన కూలీ కనుక హిందీ వచ్చే ఉంటుందని అనుకుని డాక్టరు తనకు వచ్చిన హిందీలో మొదలుపెడతాడు. రోగి తల ఊపుతాడు. ఇద్దరిదీ అరకొర హిందీ. ఇద్దరూ అర్థమైందనుకుంటారు. భాష బొత్తిగా రాదని తెలిస్తే డాక్టరు జాగ్రత్త పడతాడు, కొంచెం వచ్చినప్పుడే ఆ జాగ్రత్త జారిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. అవునని గానీ కాదని గానీ జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి అడగాలి: ‘‘ఈ రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేశావు?’’ జవాబు మూడు నాలుగు వాక్యాల్లో, వరుసగా వస్తే ఆ భాషలో ముందుకు వెళ్లవచ్చు. ‘‘హా, ఠీక్ హై’’ అని వస్తే ఆ భాష పనికిరాదు. ఒడిశా నుంచి వచ్చినవారందరికీ ఒడియా ఇంటి భాష కాదన్నదీ గుర్తుండాలి. సంతాలీ, కుయి మాట్లాడే కుటుంబాల నుంచి వచ్చినవారూ ఉంటారు. ‘‘మీ ఇంట్లో అమ్మతో ఏ భాషలో మాట్లాడతావు?’’ అన్న ప్రశ్న ముందే అడిగితే ఈ సంగతి తేలిపోతుంది.

ఇక దుబాసీ ఎవరు? పది, పదిహేనేళ్లుగా ఇక్కడే ఉండి తెలుగు బాగా నేర్చిన ఒడియా కూలీ మేస్త్రులు, రొయ్యల శుద్ధి ప్లాంట్లలో పనిచేసేవారు, బరంపురం వైపు బంధుత్వాలున్న తెలుగువారు ఉంటారు. రోగితో కూలి సంబంధం లేని ఒకరిని ఎంచుకుని, వారిని వేరే చోటి నుంచే కాన్ఫరెన్స్ కాల్‌లో కలపడం మేలు. దుబాసీ రోగి పక్కనే కూర్చుంటే మంచిదని చాలామంది అనుకుంటారు. రోగి చెప్పే భాగానికి అది మంచిది కాదు. పక్కన కూర్చున్న మనిషి రోగికి సలహాలు ఇస్తాడు, అతని తరఫున జవాబులు చెప్తాడు. దూరంగా ఉన్నవాడికి మాటలు తప్ప మరేమీ చేతిలో ఉండవు కనుక మాటలే అందిస్తాడు.

రోగి పక్కన ఉండాల్సింది మరొకరు: ఏఎన్ఎం గానీ, గ్రామ ఆరోగ్య కేంద్రంలోని ఆరోగ్య కార్యకర్త గానీ. వారికి ఒడియా రాకపోయినా ఫరవాలేదు. థర్మామీటరు, బీపీ యంత్రం, వేలికి తొడిగే ఆక్సీమీటరు వారి చేతిలో ఉంటాయి. 2019 నవంబరులో మొదలైన ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో గ్రామ కేంద్రం నుంచి జరిగే కాల్స్ అమరిక ఇదే: రోగి కేంద్రంలో ఆరోగ్య కార్యకర్త పక్కన కూర్చుంటాడు, డాక్టరు మరో చోటి నుంచి తెర మీద మాట్లాడతాడు. దానికి ఫోనులో ఒక దుబాసీని జోడిస్తే పని రెండుగా విడిపోతుంది. మాట ఒకరిది, చేయి ఒకరిది. రెండు పనులూ ఒకే మనిషి మీద పడినప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

రోగి లైనులోకి రాకముందు

మొదటి మూడు నాలుగు నిమిషాలు దుబాసీతో ఒంటరిగా మాట్లాడాలి. చెప్పాల్సింది కొంచెమే. రోగి ‘‘నాకు నొప్పిగా ఉంది’’ అంటే ‘‘అతనికి నొప్పి అంటున్నాడు’’ అనకుండా ‘‘నాకు నొప్పిగా ఉంది’’ అనే చెప్పాలి. అలా చెప్పినప్పుడు ఏది రోగి మాటో, ఏది దుబాసీ సొంత మాటో కలగలిసిపోదు. తన వైపు నుంచి ఏదైనా చెప్పాలనుకుంటే ‘‘ఇది నా మాట’’ అని ముందుగా అనాలి. రోగి మాట సిగ్గుపడేలా ఉన్నా, సంబంధం లేనట్లు అనిపించినా వదలకూడదు. అర్థం కాని మాట వస్తే ఊహించకుండా ఆపి అడగాలి. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. శిక్షణ లేని దుబాసీకి ఈ నాలుగైదు మాటలే శిక్షణ. వీటిని వదిలేసి నేరుగా రోగితో మొదలుపెట్టే డాక్టరు మిగిలిస్తున్నాననుకున్న ఆ మూడు నిమిషాలను తరువాత రెట్టింపుగా పోగొట్టుకుంటాడు.

అప్పుడే మరో రెండు సంగతులు తేల్చుకోవాలి. లైను తెగితే ఎవరు ఎవరికి ఫోను చేయాలి? రోగి సరిగ్గా ఎక్కడున్నాడు? రెండోది చాలా ముఖ్యం. ‘‘కాళ్ల దగ్గర చెరువు’’ అంటే 108 వాహనం దారి పట్టుకోలేదు. ఊరు, మండలం, తారు రోడ్డు మీద దగ్గరి గుర్తు, అక్కడి నుంచి ఏ కాలువ గట్టు వెంట ఎంత దూరం, వాహనం షెడ్డు దాకా వస్తుందా అన్నవి కాగితం మీద ఉండాలి. అవసరం వచ్చాక అడుగుదాం అనుకుంటే, ఆ వేళకు లైనులో తెలుగు తెలిసినవారు ఉండకపోవచ్చు.

రోగి వచ్చాక లైనులో ఎవరెవరున్నారో అందరి పేర్లూ అతనికి చెప్పి, ఈ దుబాసీ ఉండటం ఇష్టమేనా అని అడగాలి. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి తానే ఫోను చేస్తే సమ్మతి ఉన్నట్లే లెక్క. ఆరోగ్య కార్యకర్త గానీ, సంరక్షకుడు గానీ, డాక్టరు గానీ మొదలుపెడితే రోగి నోటి నుంచి స్పష్టమైన సమ్మతి రావాలి, దాన్ని నమోదు చేయాలి. స్పృహలో ఉన్న వయోజనుడిని పక్కన పెట్టి, అతని తరఫున యజమాని ఫోనులో మందులు రాయించుకోవడానికి ఆ మార్గదర్శకాల్లో చోటు లేదు. రోగి లైనులో లేనప్పుడు ఇంకొకరు మాట్లాడాలంటే తగిన అధికారం ఉండాలి.

ప్రశ్నలు అడిగే పద్ధతి

పైన చెప్పిన కుర్రాడి సంగతినే తీసుకుందాం. ఇది ఊహించిన సందర్భమే అయినా డెల్టాలో వానాకాలం జ్వరాలు చూసేవారికి కొత్తగా ఏమీ అనిపించదు. వయసు 26. గంజాం జిల్లా. రోజూ మోకాలి లోతు నీటిలో దిగే పని. నాలుగు రోజుల జ్వరం.

ఏరేటర్ల హోరు వినిపిస్తుంటే ముందు రోగిని గట్టుకు దూరంగా, వెలుతురు ఉన్న చోటుకు రమ్మనాలి. తరువాత ఒక్కో ప్రశ్నలో ఒకే విషయం ఉండాలి. ‘‘దగ్గు, ఆయాసం, వాంతులు ఏమైనా ఉన్నాయా?’’ అని కలిపి అడిగితే దుబాసీ చివరి మాటనే మోసుకెళ్తాడు, ‘‘లేదు’’ అని తిరిగి వస్తుంది. ఆ ‘‘లేదు’’ దేనికో ఎవరికీ తెలియదు. వ్యతిరేకార్థంలో అసలు అడగకూడదు. ‘‘కామెర్లు లేవు కదా?’’ అన్న దానికి ‘‘అవును’’ అని వస్తే లేవనా, ఉన్నాయనా? ఒకే భాషలో మాట్లాడుకునేవారికే అప్పుడప్పుడు తడబాటు వచ్చే చోట రెండు భాషల మధ్య అర్థం నిలవడం అసాధ్యం.

మొదటి ప్రశ్న విశాలంగా ఉండాలి: ‘‘జ్వరం మొదలైన రోజు నుంచి ఇప్పటి దాకా ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు.’’ రోగి ఒక నిమిషం పాటు మాట్లాడి, దుబాసీ ‘‘జ్వరమేనంటున్నాడండీ’’ అని ముగిస్తే అక్కడే ఆపాలి. పొడవాటి మాటకు పొట్టి అనువాదం రావడం డాక్టరుకు కనిపించే మొదటి ప్రమాద సూచన. దుబాసీని మందలించనవసరం లేదు. ‘‘అతను చాలా చెప్పాడు, రెండేసి వాక్యాలుగా మళ్లీ చెప్పమనండి’’ అంటే సరిపోతుంది.

ఈ సందర్భంలో అలా రెండోసారి చెప్పించినప్పుడు బయటపడిన మాట: పిక్కల్లో నొప్పి వల్ల గొంతుక్కూర్చోలేకపోతున్నాడు. సూపర్‌వైజర్ కాల్‌లో ఇది ‘‘ఒళ్లు నొప్పులు’’గా మారింది. తెలిసిన డాక్టరుకు ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి చర్మం మీది గాట్ల ద్వారా లోపలికి వెళ్లే లెప్టోస్పైరోసిస్ జ్వరంలో పిక్కల నొప్పి, పుసి లేకుండా కళ్లు ఎర్రబడటం ముఖ్యమైన ఆనవాళ్లు. అది ముదిరితే మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

అందువల్ల తరువాతి ప్రశ్న మూత్రం గురించి. ‘‘సరిగా అవుతోందా?’’ అన్న ప్రశ్నకు విలువ లేదు. సరిగా అంటే ఎంత అన్నది ఒక్కొక్కరికి ఒక్కో రకం. ‘‘చివరిసారి ఎప్పుడు వెళ్లావు? అప్పటికి ఏరేటర్లు వేశారా?’’ అని అడగాలి. గడియారం చూడని మనిషికి పనుల వేళలే గడియారం. జవాబు: నిన్న రాత్రి మేత వేశాక, కొంచెమే, టీ డికాషన్ రంగులో. ఇప్పుడు పగలు 11 గంటలు. దాదాపు సగం రోజుగా మూత్రం లేదు. సూపర్‌వైజర్ కాల్‌లో ‘‘అవుతోందండీ’’ అన్న ఒక్క మాట వెనుక దాగిపోయింది ఇదే.

మందుల గురించీ పేర్లు అడగకూడదు. మింగిన మాత్రల ఖాళీ పట్టీలన్నీ తెచ్చి కెమెరా ముందు పెట్టమనాలి. ఈ కుర్రాడి దగ్గర పారాసెటమాల్‌తో పాటు డైక్లోఫెనాక్ పట్టీ కూడా ఉంది, ఆరు మాత్రలు అయిపోయాయి. మూత్రపిండాలు ఇబ్బందిలో ఉండవచ్చనుకుంటున్నప్పుడు ఆ నొప్పి మాత్ర మరింత హాని చేస్తుంది. డెంగ్యూ అయితే రక్తస్రావం ముప్పు పెంచుతుంది. వెంటనే ఆపమనాలి.

నాలుగైదు జవాబులకు ఒకసారి డాక్టరు తాను అర్థం చేసుకున్నది తిరిగి చెప్పి, తప్పుంటే దిద్దమని రోగిని అడగాలి. ఇలా చెప్పినప్పుడే రోగులు చాలాసార్లు కొత్త సంగతి కలుపుతారు.

వీడియో ఎంతవరకు

నెట్ సరిగా లేని చోట మాటలకు ఫోను, పరీక్షకు మాత్రమే వీడియో వాడటం మంచిది. దుబాసీకి తెర కనిపించకపోతే డాక్టరు చేసే సైగలు అతనికి తెలియవు. కాబట్టి ‘‘ఇప్పుడు నా కన్ను కింది రెప్ప లాగి చూపిస్తున్నాను, అతన్నీ అలాగే చేయమనండి’’ అని నోటితో కూడా చెప్పాలి. డాక్టరు ముందు తన మీద చేసి చూపించడం భాష అవసరాన్ని సగానికి తగ్గిస్తుంది.

రంగు విషయంలో వీడియోను నమ్మకూడదు. షెడ్డులోని పసుపు బల్బు కింద అందరి కళ్లూ పచ్చగానే కనిపిస్తాయి, కొన్ని ఫోన్లు రంగును వాటంతట అవే దిద్దేస్తాయి. బయట పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీసిన ఫోటో పంపమంటే పోల్చి చూడవచ్చు. ఊపిరి లెక్క కూడా అంతే. వీడియో మధ్యమధ్య ఆగిపోతుంటే కొన్ని శ్వాసలు లెక్కలోకి రావు. ఏఎన్ఎం రోగి పక్కన కూర్చుని పొట్ట కదలిక చూస్తూ నిమిషం పాటు లెక్కించాలి, డాక్టరు గడియారం చూడాలి. పెద్దవారికి నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 30 దాటితే ఫోను వైద్యం ఆపాల్సిందే. ఇక్కడ 24 వచ్చింది. ఏఎన్ఎం పిక్క నొక్కినప్పుడు రోగి ముఖంలో నొప్పి తెలిసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పుసి లేదు.

ఇంతటితో ఫోను చేయగలిగింది అయిపోయింది. ఇది లెప్టోస్పైరోసిసా, డెంగ్యూనా, మలేరియానా, స్క్రబ్ టైఫసా అన్నది రక్త పరీక్ష లేకుండా తేలదు. మూత్రం బాగా వస్తూ, కామెర్లు, ఆయాసం లేకుండా ఉండి, లెప్టో అనుమానం బలంగా ఉంటే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు చొప్పున 7 రోజులు మొదలుపెట్టి పరీక్షకు పంపే వీలుండేది. మూత్రం ఆగిన మనిషికి సూది మందులు, సెలైన్ లెక్క, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కావాలి. ఈ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

చెప్పినది అందిందని తెలుసుకోవడం

నిర్ణయాన్ని మూడు మాటలకు మించకుండా చెప్పాలి: ఈ రోజే ఆసుపత్రికి వెళ్లు. నొప్పి మాత్ర వేసుకోకు. ఖాళీ పట్టీలు వెంట తీసుకెళ్లు. ఆపైన ‘‘అర్థమైందా?’’ అని అడగకూడదు. ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు. ‘‘ఇప్పుడు షెడ్డుకు వెళ్లి మీ తోటివాడికి ఏం చెప్తావు?’’ అని అడిగి, రోగి చెప్పింది చెప్పినట్లు తెలుగులో అందించమనాలి. దుబాసీ మధ్యలో మాట అందించకూడదని ముందే హెచ్చరించాలి. మన కుర్రాడు ‘‘పట్టుబడి అయ్యాక ఆసుపత్రికి వెళ్తాను’’ అన్నాడు. అతను మాట విన్నాడు, దాన్ని తన పరిస్థితికి సర్దుకున్నాడు. భాష పొరపాటు ఇందులో లేదు. అయినా మళ్లీ చెప్పించకపోతే ఇది బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు డాక్టరు మూత్రం ఆగడం ఎందుకు ప్రమాదమో రెండు వాక్యాల్లో అతనికి చెప్పాలి. తరువాత రోగి అనుమతితో సూపర్‌వైజర్‌ను లైనులోకి పిలిచి, ఈ రోజే పంపాలన్న ఒక్క సంగతే చెప్పాలి. జబ్బు వివరాలు అతనికి అవసరం లేదు.

మందులు ఇంటికే రాసినప్పుడు కూడా ఇదే పద్ధతి. రోజుకు రెండుసార్లు అన్నది ఒకేసారి రెండు మాత్రలుగా మారిపోవడం మామూలే. ఒక పూట వేసుకోవాల్సినన్ని మాత్రలు అరచేతిలో పెట్టి కెమెరాకు చూపించమనాలి. 7 రోజులు అంటే చివరి మాత్ర ఏ రోజు ఏ పూట అని అడగాలి.

108కు ఫోను తెలుగు తెలిసిన మనిషే చేయాలి, ముందు రాసుకున్న చిరునామాతో. ఆసుపత్రి అత్యవసర విభాగంలో భాష సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే రోగి చేతిలో ఒక చిన్న తెలుగు చీటీ ఉండాలి, దాని ఫోటో వాట్సాప్‌లోనూ ఉండాలి: 4 రోజుల జ్వరం, పిక్కల నొప్పి, ఎర్ర కళ్లు, నిన్న రాత్రి నుంచి మూత్రం లేదు, డైక్లోఫెనాక్ 6 మాత్రలు వాడాడు, నీటిలో పని. దాని కింద రోగి మాట్లాడే భాష, దుబాసీ ఒప్పుకుంటే అతని ఫోను నంబరు. ఈ చివరి వరుసను చాలామంది రాయరు. అక్కడి డ్యూటీ డాక్టరుకు చీటీలో అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది అదే.

రోగి లైను నుంచి వెళ్లాక దుబాసీని మరో నిమిషం ఉంచి రెండు ప్రశ్నలు అడగాలి. ఏదైనా మాట చెప్పడం కష్టమైందా? వదిలేసింది ఏమైనా ఉందా? ఈ సందర్భంలో దుబాసీ ఒకటి చెప్పాడు: వారం కిందట చెరువు దగ్గర ఇనుప తీగ గీరుకుని కాలికి గాయమైందని కుర్రాడు మొదట్లో అన్నాడు, జ్వరానికి సంబంధం లేదనుకుని తాను చెప్పలేదు. లెప్టో లక్షణాలు ఎక్కువగా సూక్ష్మజీవి సోకిన 5 నుంచి 14 రోజుల మధ్య కనిపిస్తాయి కాబట్టి ఈ మాట డాక్టరు అనుమానాన్ని బలపరుస్తుంది. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేసుకున్నాడన్న ప్రశ్ననూ లేవనెత్తుతుంది. రెండూ చీటీలో చేరాలి. కేసు నోట్సులో దుబాసీ పేరు, రోగితో అతనికి ఉన్న సంబంధం, వాడిన భాష, కాల్ ఎంతసేపు సాగింది, రోగి తిరిగి చెప్పిన మాటలు రాసిపెట్టాలి. ఆ సాయంత్రం డాక్టరు ఆసుపత్రికి ఫోను చేసి కుర్రాడు చేరాడో లేదో కనుక్కోవాలి. చేరకపోతే మొదట సూపర్‌వైజర్‌కు కాకుండా దుబాసీకి, అతని ద్వారా రోగికే కాల్ చేయాలి.